అరవై నాలుగు ప్రయోగాలు, అడగని ఒక ప్రశ్న

గుండె ఆపరేషన్ చేసేటప్పుడు రోగి రక్తాన్ని కాసేపు శరీరం బయట ఒక యంత్రం గుండా తిప్పుతారు. యంత్రం గొట్టాలను తాకిన రక్తానికి గడ్డకట్టే శక్తి తగ్గిపోతుంది. దాంతో ఆపరేషన్ ముగిశాక కూడా గంటల తరబడి రక్తం కారుతుంది, సీసాల కొద్దీ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. 1987లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు దీనికి ఒక మందు ప్రయత్నించారు. దాని పేరు ఆప్రోటినిన్. పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసేవారు. రెండోసారి గుండె ఆపరేషన్ చేయించుకుంటున్న కొద్దిమందిలో సగం మందికి ఆ మందు ఇచ్చి, మిగతావారికి ఇవ్వకుండా చూశారు. మందు తీసుకోనివారిలో సగటున సుమారు 1,500 మిల్లీలీటర్ల రక్తం పోతే, తీసుకున్నవారిలో 286 మిల్లీలీటర్లే పోయింది. అంత తేడా చూసిన ఏ వైద్యుడికైనా మళ్లీ పరీక్షించి చూడాలనిపిస్తుంది. ప్రపంచమంతటా పరీక్షించారు కూడా.

ఆ పరీక్షలు 2002 వరకు సాగాయి. ఆ పదిహేనేళ్లలో అచ్చయిన ప్రయోగాలు 64. కెనడా పరిశోధకుడు డీన్ ఫెర్గూసన్, ఆయన సహచరులు 2005లో వాటన్నిటినీ తేదీల వారీగా పేర్చి, ఒక్కొక్కటి కలుపుకుంటూ లెక్క కట్టారు. మొదటి ప్రయోగం ఫలితం, దానికి రెండోది కలిపితే వచ్చే ఫలితం, మూడోది కలిపితే వచ్చేది, ఇలా చివరిదాకా. 1992 జూన్ నాటికి, అంటే 12వ ప్రయోగం దగ్గరకే, రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని ఈ మందు బాగా తగ్గిస్తుందన్న జవాబు స్థిరపడిపోయింది. తర్వాతి 52 ప్రయోగాలు కలిపినా ఆ జవాబు కదల్లేదు. న్యాయంగా చెప్పాలంటే, ఆ 52లో కొన్ని 1992 నాటికే మొదలై ఉంటాయి. మొదలైన ప్రయోగాన్ని మధ్యలో ఆపడం తేలిక కాదు. కానీ ఆ తర్వాత పదేళ్లపాటు కొత్తగా మొదలుపెట్టినవారికి ఆ వెసులుబాటు లేదు. ఫలితం తెలిసిన ప్రశ్నకోసం, పనిచేస్తుందని తేలిన మందు ఇవ్వకుండా సగం మంది రోగులను పడుకోబెట్టారు.

వారికి పాత పరిశోధనల సంగతి తెలియదా? ఫెర్గూసన్ బృందం దాన్నీ చూసింది. ప్రతి పత్రం తనకంటే ముందు వచ్చిన ప్రయోగాల్లో ఎన్నిటిని ప్రస్తావించిందో లెక్క తీస్తే, మధ్యస్థ విలువ 20 శాతం. అన్నిటికంటే పెద్ద ప్రయోగంలో 1,784 మంది రోగులున్నారు. దాని తర్వాత వచ్చిన 44 పత్రాల్లో దాన్ని పేర్కొన్నవి 7 మాత్రమే. ఇది ఒక్క మందుకు పట్టిన జబ్బు కాదు. కరెన్ రాబిన్సన్, స్టీవెన్ గుడ్‌మన్ 2011లో ప్రచురించిన పరిశీలనలో వైద్యరంగంలోని 1,523 ప్రయోగాలను చూస్తే, తమకు సంబంధించిన పాత ప్రయోగాల్లో నాలుగో వంతు కూడా పేర్కొనలేదని తేలింది. అంతకుముందు ఐదు ప్రయోగాలున్నా, ఇరవై ఉన్నా, పేర్కొనేవి మాత్రం ఎక్కువగా రెండే.

ఈ కథలో నన్ను బాగా కలచివేసేది వృథా అయిన ఆ 52 ప్రయోగాలు కాదు. ఆ పదిహేనేళ్లూ ఒక నిజమైన ప్రశ్న కళ్లెదుటే ఉంది. దాన్ని సరైన పరిమాణంలో ఎవరూ అడగలేదు. రక్తస్రావాన్ని ఆపే మందులు అప్పటికే మరో రెండున్నాయి, ట్రానెక్సామిక్ యాసిడ్, ఎమైనోకాప్రోయిక్ యాసిడ్. రెండూ చవక. ప్లాసిబోతో, అంటే మందు గుణం లేని ఉత్త ద్రావణంతో, పోలిస్తే ఆప్రోటినిన్ మేలని అందరూ చూపించారు. ఈ చవక మందులతో పోలిస్తే ఎలా ఉంటుంది? రక్తం తక్కువ పోతుంది సరే, మనిషి బతుకుతున్నాడా? కిడ్నీలు నిలుస్తున్నాయా? ఆస్పత్రిలో డాక్టరు ఏ మందు ఎక్కించాలో నిర్ణయించేది ఈ ప్రశ్నలకు వచ్చే జవాబే.

అంత ముఖ్యమైన ప్రశ్నకు 64 ప్రయోగాల్లోనూ జవాబు ఎందుకు దొరకలేదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ ప్రయోగాల మధ్యస్థ పరిమాణం 64 మంది. అంటే ఒక్కో గుంపులో 32 మంది. మామూలుగా ఈ ఆపరేషన్‌లో నూటికి నలుగురు చనిపోతారనీ, ఒక మందు వల్ల అది ఆరుకు పెరుగుతుందనీ అనుకుందాం. 32 మందిలో నూటికి నాలుగంటే ఒకరికి కాస్త ఎక్కువ, నూటికి ఆరంటే ఇద్దరికి కాస్త తక్కువ. ఒక గుంపులో ఒకరు, మరో గుంపులో ఇద్దరు పోతే అది మందు వల్లనో యాదృచ్ఛికమో ఎవరు చెప్పగలరు? ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో సుమారు 1,850 మంది కావాలి. కారిన రక్తాన్ని కొలవడానికి చిన్న ప్రయోగం చాలు, చావును కొలవడానికి చాలదు. అందుకే అందరూ రక్తాన్నే కొలిచారు. చేతనైన కొలత ఎక్కడుంటే ప్రశ్న అక్కడికే జరిగిపోయింది.

చివరకు కెనడాలోని 19 ఆస్పత్రుల్లో ఫెర్గూసన్ బృందమే ఆ పోలిక చేపట్టింది. మూడు మందులను ఎదురెదురుగా పెట్టి 2,331 మంది రోగులతో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. ఆప్రోటినిన్ తీసుకున్నవారిలో భారీ రక్తస్రావం కొంత తక్కువే. కానీ నెలలోపు మరణించినవారు 6 శాతం. చవక మందులు తీసుకున్నవారిలో 4 శాతం. ఈ ధోరణి కనిపించడంతో ప్రయోగాన్ని ముందే ఆపేశారు. ఫలితాలు అచ్చవకముందే తయారీ కంపెనీ 2007 నవంబరులో ప్రపంచమంతటా మందు అమ్మకం నిలిపివేసింది. కథ అక్కడితో తెగిపోలేదు. ఒక్కో గుంపులో సుమారు 780 మందే ఉండటం, కొందరు రోగులను విశ్లేషణ నుంచి తప్పించడం మీద విమర్శలు వచ్చాయి. ఆధారాలను మళ్లీ పరిశీలించిన కెనడా 2011లో, ఐరోపా ఔషధ సంస్థ 2012లో పరిమిత వాడకానికి దారి తెరిచాయి. చర్చ నేటికీ ఉంది. కానీ ఆ చర్చ సరైన ప్రశ్న మీద జరుగుతోంది. 1992లోనే ఆ ప్రశ్న అడిగి ఉంటే, ప్లాసిబో ప్రయోగాల్లో చేరిన వేలాదిమంది రోగులతోనే జవాబు తేలిపోయేది.

మన విశ్వవిద్యాలయాల్లో ఏటా దాఖలయ్యే పీహెచ్‌డీ సినాప్సిస్‌లను ఈ కథ పక్కన పెట్టి చూడాలి. రీసెర్చ్ గ్యాప్ అన్న శీర్షిక కింద ఎక్కువగా కనిపించే వాక్యం ఒకటుంది. ఈ అంశం మీద ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ అధ్యయనం చేయలేదు, కాబట్టి ఈ పరిశోధన అవసరం. స్వయం సహాయక సంఘాల మీద అనంతపురంలో చేశారు, కర్నూలులో చేశారు, మన జిల్లాలో చేయలేదు. అవే ప్రశ్నలు, అదే ప్రశ్నావళి, ఆదాయం పెరిగిందా, నిర్ణయాధికారం వచ్చిందా అన్న అవే కాలమ్‌లు. మండలాల పేర్లు మారతాయి. ముగింపులో మహిళల సాధికారత మెరుగుపడిందని వస్తుంది. ముందే తెలిసిన ఫలితం కోసం ఒక యువతి నాలుగైదేళ్లు ఖర్చు పెడుతుంది. తప్పు ఆమెది కాదు. గ్యాప్ అంటే ఎవరూ వెళ్లని చోటు అని ఆమెకు నేర్పారు.

ఎవరూ వెళ్లని చోట్లకు కొదవ లేదు. ప్రతి మండలం, ప్రతి కళాశాల, ప్రతి సంవత్సరం ఒక కొత్త చోటే. పరిశోధనలో నిజమైన ఖాళీ వేరు. ఇంతవరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట పరిచి చూసినా జవాబు దొరకని ప్రశ్న అయివుండాలి. ఆ జవాబు దొరికితే ఎవరో ఒకరు తమ నిర్ణయం మార్చుకోవాలి. డాక్టరు ఇచ్చే మందు మారాలి, లేదా ప్రభుత్వం ఖర్చు పెట్టే పద్దు మారాలి, లేదా శాస్త్రం నమ్ముతున్న కారణం మారాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా అది ఖాళీ కాదు.

పరిచి చూడటం అన్నది ఇక్కడ కాగితం మీద చేసే పనే. ఒక పట్టిక గీయాలి. ఒక్కో అధ్యయనానికి ఒక్కో అడ్డు వరుస. నిలువు గళ్లలో ఎవరిమీద చేశారు, ఎంతమందిమీద చేశారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు, ఎలా కొలిచారు, ఎంతకాలం చూశారు. ఆప్రోటినిన్ పట్టికను 1992లో ఎవరైనా ఇలా గీసి ఉంటే, దేనితో పోల్చారు అన్న గడిలో పైనుంచి కిందిదాకా ప్లాసిబో అని, ఏం కొలిచారు అన్న గడిలో రక్తం, రక్తం, రక్తం అని కనిపించేది. మరణం అన్న గడి దాదాపు ఖాళీ. ఎంతమంది అన్న గడి చూస్తే అది ఎందుకు ఖాళీగా ఉందో కూడా అర్థమయ్యేది. మన సినాప్సిస్‌లు పట్టిక అడుగున ఇంకో అడ్డు వరుస చేర్చడాన్ని గ్యాప్ అంటున్నాయి. చూడాల్సింది నిలువుగా.

పూర్వ పరిశోధనల సమీక్ష అని మనం రాసే అధ్యాయానికీ ఈ పట్టికకూ చాలా దూరం. ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఫలానా విషయాన్ని అధ్యయనం చేసి ఈ విధంగా పేర్కొన్నారు అంటూ ముప్పై నలభై పేరాలు వరుసగా పేర్చితే ప్రతి అధ్యయనమూ విడిగా నిలబడుతుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం జరగదు. పేరా రూపంలో రాసేటప్పుడు ఎవరు ఏం చెప్పారో రాస్తాం, ఏం కొలవలేదో రాయం. పట్టికలో ఖాళీ గడి దాక్కోలేదు.

పట్టికలోకి ఏవి రావాలన్నది తర్వాతి సమస్య. గూగుల్‌లో వెతికి మొదటి పేజీలో వచ్చినవి తీసుకుంటే రాబిన్సన్ చెప్పిన ఆ రెండు పేర్లే వస్తాయి. ఆ అంశం మీద వచ్చిన తాజా క్రమబద్ధ సమీక్ష నుంచి మొదలుపెట్టడం మంచిది. అది లేకపోతే ఎక్కువమంది ప్రస్తావించిన ఒక పాత పత్రం తీసుకోవాలి. అది ఎవరిని పేర్కొందో వెనక్కి, దాన్ని ఎవరు పేర్కొన్నారో ముందుకు వెళ్లాలి. కొత్త పేర్లు రావడం ఆగేదాకా అలా తిరగాలి. మన దేశంలో జరిగినవాటికి శోధ్‌గంగలో ఆమోదం పొందిన సిద్ధాంత వ్యాసాలున్నాయి, శోధ్‌గంగోత్రిలో ఇంకా జరుగుతున్న పరిశోధనల సినాప్సిస్‌లున్నాయి. మందులు, చికిత్సల ప్రయోగాలకు 2007 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. అచ్చయినవి మాత్రమే చూస్తే రెండేళ్లుగా పక్క రాష్ట్రంలో నడుస్తున్న అధ్యయనం కంటపడదు. సినాప్సిస్ రాసినప్పుడు ఉన్న ఖాళీ వైవా నాటికి నిండిపోయి ఉంటుంది.

ఇంకో అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ప్రచురిత పత్రాల చివర భవిష్యత్తులో ఈ అంశంపై మరింత పరిశోధన జరగాలి అని ఒక పేరా ఉంటుంది. దాన్ని తెచ్చి తమ గ్యాప్‌గా పెట్టుకునేవారు చాలామంది. ఆ పేరా రాసి ఆరేళ్లయితే ఈలోగా ఎవరో ఆ పని చేసి ఉండొచ్చు. చాలాసార్లు అది పత్రం ముగించడానికి రాసిన మర్యాద వాక్యం. రచయితలు తమ అధ్యయన పరిమితుల గురించి రాసిన పేరా అంతకంటే ఎన్నో రెట్లు విలువైనది. మేం ఒక్కసారే రక్తపరీక్ష చేశాం, మేం వేసవిలోనే వెళ్లాం, ఊరు వదిలి వలస పోయినవాళ్లను చూడలేకపోయాం అని వాళ్లు ఒప్పుకున్నచోట పట్టికలోని గడి ఎందుకు ఖాళీగా ఉందో తెలుస్తుంది. ఒకే పరిమితి పది పత్రాల్లో కనిపిస్తే, నిజమైన ఖాళీ అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

ఒక్కసారి రక్తపరీక్ష అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకు రాకమానదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో బీపీ, సుగర్ లేనివారికీ కిడ్నీలు పాడైపోతున్నాయి. ఇక్కడ అధ్యయనాలు చాలానే జరిగాయి. ఎంతమందికి వ్యాధి ఉందో లెక్కించినవి, బోరు నీటిలో సిలికా, భార లోహాలు వెతికినవి, పురుగుమందుల వాడకం అడిగినవి. పెద్దవారిలో సుమారు ఐదో వంతు మందికి కిడ్నీ పనితీరు తగ్గిందని పెద్ద సర్వేలే చెప్పాయి. వ్యాధి తీవ్రంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కారణం మాత్రం తేలలేదు. ఉద్దానం మీద కొత్త పరిశోధన ప్రతిపాదించే విద్యార్థి పట్టిక గీస్తే ఏం కనబడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం.

మొదట కంటపడేది సర్వేల మధ్య అంకెల తేడా. ఒకరు ఎక్కువంటారు, ఒకరు తక్కువంటారు. ఫలితాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి కాబట్టి ఇదే గ్యాప్ అని రాయాలనిపిస్తుంది. తొందరపడకుండా ఎలా కొలిచారు అన్న గడి చూడాలి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అనాలంటే పనితీరు తగ్గడం కనీసం మూడు నెలలు కొనసాగాలన్నది అంతర్జాతీయ నిర్వచనం. ఎండలో పనిచేసి, నీళ్లు తాగక వచ్చిన మనిషి రక్తంలో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోవచ్చు. ఒక్కసారే పరీక్షించిన సర్వే అతణ్ని రోగుల్లో కలుపుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూసిన సర్వే కలపదు. మూత్రంలో ప్రొటీన్ పోవడాన్ని లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టీ అంకె మారుతుంది. ఇలాంటి తేడాలే ఉంటే రెండు సర్వేల మధ్య వైరుధ్యమేమీ లేదు. రెండూ వేర్వేరు వస్తువులను కొలిచాయి. విరుద్ధ ఫలితాలు అన్న మాట వాడేముందు ఈ పని చేయనివారు లేని గ్యాప్‌ను పుట్టిస్తారు.

రెండోది చోటు గురించిన వాదన. మధ్య అమెరికాలో, ముఖ్యంగా నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోత కూలీలకు ఇలాంటి కిడ్నీ వ్యాధే వస్తోంది. ఎండలో కఠిన శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం దానికి ప్రధాన కారణమని అక్కడి పరిశోధకులు గట్టిగా అనుమానిస్తున్నారు. అక్కడ చేశారు, ఇక్కడ చేయలేదు కాబట్టి ఇక్కడా చేయాలి అంటే అది మళ్లీ జిల్లా పేరు మార్చడమే. కానీ ఉద్దానంలో పని వేరు, నీరు వేరు. చెరకు కోత లేదు. ఇంటిపట్టున ఉండే స్త్రీలలోనూ వ్యాధి ఉంది. ఎండ వాదన ఒక్కటే ఇక్కడ కుదరాలంటే స్త్రీల సంగతి ఏమిటో చెప్పాలి. అక్కడి కారణం ఇక్కడ పనిచేయకపోవచ్చని అనుమానించడానికి ఒక నిర్దిష్టమైన ఆధారం చూపినప్పుడు మాత్రమే చోటు మారడం గ్యాప్ అవుతుంది. ఆ ఆధారం లేనప్పుడు అది ప్రయాణం మాత్రమే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎంతకాలం చూశారు అన్న గడి. ఒకే రోజున ఊరందరి రక్తం, నీరు పరీక్షించే సర్వే వ్యాధి ఎంతమందిలో ఉందో చెబుతుంది. ఏది ముందు వచ్చిందో చెప్పలేదు. బోరు నీళ్లు తాగేవారిలో రోగులు తక్కువ అని తేలిందనుకోండి. జబ్బు పడ్డవాళ్లు భయంతో సీసా నీళ్లకు మారి ఉంటే సంబంధం తలకిందులుగా కనిపిస్తుంది. జబ్బు ముదిరి చనిపోయినవారు సర్వేలోకే రారు. నేడు తాగుతున్న నీటిని పరీక్షిస్తాం గానీ కిడ్నీ పాడైంది పదేళ్ల క్రితం తాగిన నీటివల్ల కావచ్చు. కాబట్టి మళ్లీ ఒక నీటి నమూనాల పరీక్ష ప్రతిపాదించేవారు, అంతకుముందు చేసిన పరీక్షలకు లేనిది తమదానికి ఏమున్నదో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఆ నీరు తాగిన మనిషి కిడ్నీ కొలతతో ఆ నమూనాను జత చేస్తున్నారా? ఎన్నేళ్లుగా తాగుతున్నాడో రాస్తున్నారా? ఇంకా ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లను ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట వెళ్తున్నారా? ఇవేవీ లేకుండా మరో వంద బోర్ల నీరు ల్యాబ్‌కు పంపితే, పట్టికలో ఇంకో వరుస చేరుతుంది.

ఇంతగా పునరావృతాన్ని తప్పుపడితే పాత ప్రయోగాన్ని మళ్లీ చేయకూడదా అని ఎవరైనా అడగొచ్చు. చేయాలి. ఒక ఫలితం ఒకే ల్యాబ్ నుంచి వచ్చినప్పుడు, చాలా కొద్దిమందిపై ఆధారపడినప్పుడు, కొలత పద్ధతిపై అనుమానం ఉన్నప్పుడు దాన్ని మళ్లీ పరీక్షించడమే అసలు పరిశోధన. ఆప్రోటినిన్‌లో రెండో ప్రయోగం అవసరమే, ఐదోదీ అవసరమే. పదమూడోదానికే సమాధానం చెప్పాల్సి వస్తుంది. తెలిసి మళ్లీ చేసేవారు పాత ప్రయోగంలో ఏ బలహీనతను సవరిస్తున్నారో ముందే రాస్తారు, ఎలాంటి ఫలితం వస్తే పాతదాన్ని తోసిపుచ్చుతారో కూడా చెబుతారు. తెలియక మళ్లీ చేసేవారి పత్రంలో పాత ప్రయోగం పేరే ఉండదు. బయటినుంచి చూసేవారికి రెంటినీ విడదీసే గుర్తు ఇదొక్కటే.

లాన్సెట్ పత్రిక 2005లో ఈ దిశగా ఒక నియమం పెట్టింది. ప్రయోగం పంపేవారు ఇప్పటికే ఉన్న క్రమబద్ధ సమీక్షను చూపాలి, లేకపోతే తామే చేసి చూపాలి, తమ ఫలితం దానికి ఏం చేర్చిందో చెప్పాలి. కానీ పత్రిక గుమ్మం దగ్గర అడిగేసరికి డబ్బూ కాలమూ ఖర్చైపోయి ఉంటాయి. అడగాల్సిన చోటు సినాప్సిస్ ఆమోదించే కమిటీ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థికీ ఒక రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ఉంటుంది. పరిశోధన ప్రతిపాదనను పరిశీలించడం దాని పనుల్లో ఒకటి. ఆ కమిటీ సినాప్సిస్‌తోపాటు ఒక్క పేజీ పట్టిక తప్పనిసరిగా అడగవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. పట్టికలో ఏ నిలువు గడి ఖాళీగా ఉందో విద్యార్థి వేలు పెట్టి చూపాలి. అది ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలి. ఎవరికీ తట్టలేదా, కొలవడం కష్టమా, లేక కొలిచినా ఉపయోగం లేదని వదిలేశారా? ఈ మూడో కారణం ఎక్కువసార్లు నిజం. ఖాళీగా ఉన్నదల్లా పూరించదగ్గది కాదు.

రెండో కారణం, అంటే కష్టం, వచ్చినప్పుడు గైడ్‌ల బాధ్యత మొదలవుతుంది. పరిమిత గడువు, ఒక ఫెలోషిప్ ఉన్న విద్యార్థి 1,850 మందితో ప్రయోగం చేయలేడు, పదేళ్లు ఉద్దానం కుర్రాళ్ల వెంట తిరగలేడు. అందుకే చేతనైన కొలతవైపు ప్రశ్న జరిగిపోతుంది, ఆప్రోటినిన్ విషయంలో జరిగింది అదే. పెద్ద ప్రశ్నను వదిలిపెట్టకుండా అందులో ఒక ముక్కను కోసి ఇవ్వడం గైడ్ చేయాల్సిన పని. పాత సర్వేల్లో రక్తం ఇచ్చినవారినే మళ్లీ వెతికి పట్టుకుని రెండో కొలత తీయడం ఒక ముక్క. ఒకే రక్త నమూనాను రెండు మూడు ల్యాబ్‌లకు పంపి, క్రియాటినిన్ అంకెలు ఎంత తేడాగా వస్తున్నాయో చూడటం ఇంకో ముక్క. చూడటానికి చిన్నవే, కానీ పాత అంకెలన్నిటినీ ఎంతవరకు నమ్మాలో అవి తేలుస్తాయి. నాలుగో ఐదో మండలంలో కొత్త సర్వే కంటే ఎక్కువ చెబుతాయి.

ఉద్దానంలో ఇప్పుడు ఒక అవకాశం కూడా ఉంది, అది ఎల్లకాలం ఉండదు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల ద్వారా ఈ ఏడు మండలాలకు తాగునీరు అందించే పథకం ప్రారంభమైంది. తరతరాలుగా భూగర్భజలం తాగిన ఊళ్లకు నది నీరు వస్తోంది. నీరే కారణమైతే, నీరు మారాక కిడ్నీల క్షీణత నెమ్మదించాలి. ఏళ్ల తరబడి చేసిన నీటి పరీక్షలు చెప్పలేనిది దీనివల్ల తెలియవచ్చు. నీరు మారినా క్షీణత అదే వేగంతో సాగితే ఎండ, శ్రమ, మందులు, వంశపారంపర్యం వైపు డబ్బు మళ్లించాల్సి వస్తుంది. నిర్ణయాన్ని మార్చే ప్రశ్న అంటే ఇదే.

దాన్ని సరిగా అడగడానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. నడివయసు దాటిన ఆరోగ్యవంతుడి కిడ్నీ వడపోత శక్తి ఏడాదికి సుమారు ఒక యూనిట్ చొప్పున తగ్గుతుంది. ఒకే మనిషికి ఒకే వారంలో రెండుసార్లు పరీక్ష చేసినా అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు. కాబట్టి ముందొకసారి, తర్వాతొకసారి కొలిస్తే చాలదు. ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతితో, ఒకే రుతువులో, కనీసం మూడేళ్లు పదే పదే కొలవాలి. పైపు వచ్చిందని రికార్డులో ఉన్న ఇంట్లో ఇప్పటికీ బోరు నీరే తాగుతున్నారేమో, క్యాన్ నీళ్లు కొంటున్నారేమో ఇంటింటికీ అడిగి రాయాలి. లేకపోతే నీరు మారనివారిని మారినవారిలో కలిపేసి, తేడా లేదని తేలుస్తాం. పథకం అన్ని ఊళ్లకూ ఒకే రోజు ఒకే తీరున అందలేదు కాబట్టి, ముందు అందిన ఊళ్లను ఆలస్యంగా అందిన ఊళ్లతో పోల్చవచ్చు. అన్ని ఇళ్లకూ కుళాయి అందాక పోల్చడానికి ఊరు మిగలదు. పలాసలో అదే నెలలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, శ్రీకాకుళం, విశాఖ విశ్వవిద్యాలయాల విద్యార్థులు, జిల్లా నీటి సరఫరా అధికారులు ఒకే జాబితా పట్టుకుని ఏ ఊరికి ఏ తేదీన నీరు వచ్చిందో ముందు రాసి పెట్టుకోవాలి. పట్టికలో మొదట నింపాల్సిన గడి అది.